"బాగున్నారా", "ఎలా ఉన్నారు" అని అడిగితే పిల్లలు ఏమని బదులు చెప్పాలి?

డల్లాస్ నాన్న

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మాయికి 13 ఏళ్ళు. పుట్టి పెరిగింది ఇక్కడే కాబట్టి తెలుగు వింటే అర్థమవుతుంది గానీ, మాట్లాడవలసి వస్తే తడబడుతుంది. ప్రతి ఆదివారం ఉదయం ఎనిమిదింటికి, అంటే తెనాలిలో రాత్రి ఏడున్నరకు, మా నాన్నగారికి వీడియో కాల్ చేస్తాము. పోయిన వారం ఆయన "బాగున్నావా తల్లీ?" అని అడిగితే, అమ్మాయి ఎంతో శ్రద్ధగా "బాగున్నావు తాతయ్యా" అంది. ఆయన నవ్వి, "నేను బాగానే ఉన్నానులే, నువ్వెలా ఉన్నావు?" అని మళ్ళీ అడిగారు. ఈసారి "అవును" అంది. ఆయన ఇంకా గట్టిగా నవ్వారు. ఆ నవ్వు ప్రేమతో నవ్విందే అయినా, పిల్ల చిన్నబుచ్చుకుని, ఈ వారం ఫోను దగ్గరికే రాలేదు.

తప్పు ఎక్కడ జరిగిందో నాకు తెలుస్తోంది గానీ, ఎందుకు తప్పో తనకు చెప్పలేకపోతున్నాను. మనం ఆలోచించకుండా అనే మాటలు ఇవి. "బాగున్నారా" అన్నప్పుడు ఏమనాలి, "ఎలా ఉన్నారు" అన్నప్పుడు ఏమనాలి, తాతయ్యతో ఒకలాగా, స్నేహితులతో ఒకలాగా ఎలా చెప్పాలి అన్నది 13 ఏళ్ళ పిల్లకు అర్థమయ్యేలా ఎవరైనా వివరించగలరా?

ఉక్కునగరం

మీరు అనవసరంగా పెద్ద సమస్యగా చూస్తున్నారని నా అభిప్రాయం. రెండు మాటలకూ అర్థం ఒక్కటే. ఎవరు ఎలా అడిగినా "బాగున్నానండి" అని చెప్పమనండి. చివర "అండి" ఉంటే గౌరవం వచ్చేసినట్టే. ఇంకొక మాట, "ఎలా ఉన్నారు" అనేది అసలు మన పలకరింపు కాదు, ఇంగ్లీషు నుంచి దింపుకున్నది. మా విశాఖలో మా పెద్దవాళ్ళు ఎప్పుడూ "బాగున్నారా" అనే అడిగేవారు. కనుక అమ్మాయికి ఆ ఒక్కటి నేర్పితే చాలు.

పలుకుబడి

గుంటూరు జిల్లాలో 31 ఏళ్ళు తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. ఇది చిన్న సమస్య కాదని నేను అనుకుంటాను, ఎందుకంటే ఆ పిల్ల చేసిన రెండు తప్పుల్లోనూ ఒక తర్కం ఉంది. ఆ తర్కాన్ని మెచ్చుకుని, తరువాత దారి చూపితే తాను మళ్ళీ ఫోను దగ్గరికి వస్తుంది.

మొదటి తప్పు చూడండి. తెలుగులో అవునా కాదా అని తేల్చే ప్రశ్న అడిగితే, మనం ఆ ప్రశ్నలోని క్రియనే తిరిగి పలుకుతాము. "అన్నం తిన్నావా?" అంటే "తిన్నాను" అంటాము. "వానొచ్చిందా?" అంటే "వచ్చింది" అంటాము. మీ అమ్మాయి ఈ సంగతిని చెవితోనే పట్టింది. "బాగున్నావా" విన్నది, చివరి దీర్ఘం తీసేసింది, "బాగున్నావు" అంది. "వచ్చిందా, వచ్చింది" అన్నచోట ఆ పద్ధతి సరిగ్గా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ మాట్లాడుకునేది వాన గురించి. కానీ "బాగున్నావా" అన్నది తన గురించి. అడిగిన వారి నోట "నువ్వు" అయినది, తన నోటికి వచ్చేసరికి "నేను" కావాలి, దానితోపాటు క్రియ తోక కూడా మారాలి. "బాగున్నావా" అంటే "బాగున్నాను", "బాగున్నారా" అన్నా "బాగున్నాను". పిల్లలకు వ్యాకరణం పేరు చెప్పకుండా, "తాతయ్య నీ వైపు విసిరిన మాటను పట్టుకుని, నీ వైపుకు తిప్పుకుని అను" అని చెబితే అర్థమవుతుంది. మీరు బంతి విసురుతూ ఈ ఆట ఆడించవచ్చు. "తిన్నావా?", "తిన్నాను". "నిద్రపోయావా?", "నిద్రపోయాను". "బాగున్నావా?", "బాగున్నాను". పది నిమిషాల్లో నోరు తిరుగుతుంది.

రెండవ తప్పు "అవును". ఇది ఇంగ్లీషు అలవాటు నుంచి వచ్చింది. "అవును" అన్నది ఎదుటివారు చెప్పినదాన్ని నిజమేనని ఒప్పుకొనే మాట. "నువ్వు ఎనిమిదో తరగతి కదా?" అంటే "అవును" సరిపోతుంది. "బాగున్నావా?" అంటే మాత్రం "అవును" అతకదు, తప్పని ఎవరూ అనరు గానీ, వినేవారికి గుమ్మంలోనే ఆగిపోయినట్టు ఉంటుంది. ఇక తాతయ్య రెండవసారి అడిగింది "ఎలా ఉన్నావు?" అని. దానికి అవునూ కాదూ రెండూ కుదరవు. "ఎలా" అన్న మాట ఖాళీ గిన్నె లాంటిది. అందులో ఏదో ఒకటి పోయాలి: "బాగున్నాను", "కొంచెం జలుబుగా ఉంది", "పరీక్షలతో సతమతమవుతున్నాను".

ఉక్కునగరం గారు రెండింటికీ అర్థం ఒక్కటే అన్నది పలకరింపు వరకు నిజమే. దారిలో ఎదురైన వారు ఏది అడిగినా "బాగున్నాను" అంటే సరిపోతుంది. కానీ మొదటిది సగం జవాబును తానే అందించి అడుగుతుంది, రెండవది జవాబును మీకే వదిలిపెడుతుంది. ఆ తేడా ఎక్కడ పైకి వస్తుందంటే, ఒకరు నిజంగా బాగా లేనప్పుడు.

కర్నూలు సిస్టరు

పలుకుబడి గారు చెప్పిన ఆఖరి మాట నేను ప్రతి రోజూ చూస్తున్నదే. నేను ఒక ఆసుపత్రిలో నర్సును. ఉదయం రౌండుకు వెళ్ళి "బాగుండారా పెద్దాయనా?" అని అడిగితే, ఆపరేషను జరిగి రెండు రోజులైన మనిషి కూడా "బాగుండానమ్మా" అంటాడు. అది అబద్ధం కాదు, మర్యాద. అడిగిన ఆడబిడ్డను నొప్పించకూడదని అనే మాట. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ మాట నమ్మి చార్టులో నొప్పి లేదని రాసి, డాక్టరుగారితో చీవాట్లు తిన్నాను. ఆ రోజు నుంచి అడిగే తీరు మార్చుకున్నాను. "ఇప్పుడు ఎట్లుంది? రేతిరి నిద్ర పట్టిందా? కుట్ల కాడ సలుపు తగ్గిందా?" అని అడుగుతాను. అప్పుడు అదే మనిషి, "ఏం నిద్ర తల్లీ, తెల్లార్లూ ఒకటే సలుపు" అంటాడు.

ఇక్కడ ఇంకొక సంగతి గమనించాను. ఆరోగ్యం గురించి అడిగేటప్పుడు "ఎట్లుండారు" అని మనిషిని అడగడం కన్నా "ఎట్లుంది" అని ఒంటిని అడగడం మేలు. మనిషిని అడిగితే మర్యాద జవాబిస్తుంది, ఒంటిని అడిగితే ఒళ్ళు జవాబిస్తుంది.

పలుకుబడి

సిస్టరు గారూ, మీరు చెప్పినదానికి భాషలోనే ఒక ఆధారం ఉంది. "బాగున్నాను" అని మనం హాయిగా అంటాము. మరి బాగా లేనప్పుడు "నేను బాగా లేను" అని ఎవరైనా అనగా విన్నారా? అనము. "ఒంట్లో బాగోలేదు" అంటాము, "నాకు బాగోలేదు" అంటాము. బాగున్నప్పుడు "నేను" ఉన్నాను, బాగా లేనప్పుడు అది ఒంటి సంగతి అవుతుంది, క్రియ కూడా "లేను" నుంచి "లేదు"కు మారిపోతుంది. డల్లాస్ నాన్న గారు ఇది అమ్మాయికి తప్పక చెప్పాలి, ఎందుకంటే "బాగున్నాను" నేర్చిన పిల్ల ఏదో ఒక రోజు జ్వరం వచ్చి "బాగా లేను" అని తీరుతుంది. తాతయ్యకు అర్థమవుతుంది గానీ, "ఒంట్లో బాగోలేదు తాతయ్యా" అంటే ఆయన వెంటనే "ఏమైంది తల్లీ?" అని లేచి కూర్చుంటారు.

ఓరుగల్లు వాసి

ఇక్కడ అందరూ "బాగున్నారా" ఒక్కటే తెలుగు పలకరింపు అన్నట్టు రాస్తున్నారు. మా వైపు "మంచిగున్నరా?" అని అడుగుతారు, "మంచిగున్న" అని బదులిస్తారు. "ఎట్లున్నరు?" అంటే "మంచిగనే ఉన్నం" అంటారు. ఒంట్లో నలతగా ఉంటే "పానం మంచిగ లేదు" అంటారు. పానం అంటే ప్రాణమే, కానీ ఆ మాట అనగానే ఎవరూ ప్రాణాపాయం అని కంగారుపడరు, సాధారణ జ్వరానికి కూడా అదే మాట. మా మేనకోడలు హైదరాబాదులో బడికి వెళ్ళి, "మంచిగున్న అనకూడదు, బాగున్నాను అనాలి" అని చెప్పించుకుని వచ్చింది. అప్పటి నుంచి వాళ్ళ అమ్మమ్మతో మాట్లాడటానికి సంకోచిస్తోంది. గౌరవం అనేది "మంచి"లోనూ ఉంది, "బాగు"లోనూ ఉంది. ఏది గౌరవమో నిర్ణయించేది "ఉన్నవా, ఉన్నరా" అన్న తోకే కదా?

పలుకుబడి

మీరు చెప్పింది అక్షరాలా నిజం. "మంచిగున్నరా" అన్నప్పుడు "రా" ఎదుటివారిని బహువచనంలో పిలుస్తోంది కనుక గౌరవం అక్కడే పూర్తయింది. కర్నూలు "బాగుండారా"లోనూ అంతే. ఏ పిల్లకైనా వాళ్ళ ఇంటి పెద్దల నోట ఉన్న మాటే మొదట నేర్పాలి. డల్లాస్ అమ్మాయికి తెనాలి మాట, మీ మేనకోడలికి ఓరుగల్లు మాట.

ఉక్కునగరం

ఇంట్లో సరే గానీ, సభలో, ఉత్తరంలో, దరఖాస్తులో ఏదో ఒక రూపం ఉండాలి కదా? లేకపోతే రాత భాష నిలవదు. అక్కడ "బాగున్నాను" అని రాయడమే సబబని నేను ఇప్పటికీ అనుకుంటున్నాను.

ఓరుగల్లు వాసి

ఆ ఒక్క రూపం ఎప్పుడూ మా వైపుది కాకుండా ఎందుకు పోతుందన్నదే నా ప్రశ్న. దీన్ని ఇక్కడ సాగదీయను, ఈ చర్చ అసలు విషయం పిల్ల గురించి. కానీ ఒప్పుకున్నానని అనుకోవద్దు.

బెంగళూరు డెస్క్

నమస్తే. నాకూ ఇదే సమస్య. మా మేనేజరు తెలుగువారే. ఆయనకు వాట్సాప్‌లో "బాగున్నారా సార్?" అని సందేశం పెట్టి, బదులు కోసం ఎదురుచూసి, ఆయన బదులిచ్చాక సెలవు అడుగుదామని అనుకుంటాను. చాలాసార్లు రెండు నీలం గీతలు పడతాయి గానీ బదులు రాదు. "ఎలా ఉన్నారు సార్" అని మార్చి చూశాను, అప్పుడూ అంతే. ఏ మాట వాడితే గౌరవంగా ఉంటుందో చెప్పగలరు.

గోదారి కోడలు

బెంగళూరు డెస్క్ గారూ, మీది వేరే ప్రశ్న అయినా జవాబు చెప్పదగినదే. మాటలో గౌరవలోపం ఏమీ లేదు. ముఖాముఖి కలిసినప్పుడు "బాగున్నారా" అన్నది ఒక్క క్షణంలో అయిపోతుంది, అది అడుగుతూనే మీ ముఖం చూసి ఆయన నవ్వుతారు. రాతలో ఆ ఒక్క ముక్కే పంపితే, పనిలో ఉన్న మనిషి దానికి బదులు రాసి, మళ్ళీ మీరు అసలు సంగతి రాసేదాకా కాచుకోవాలి. "నమస్కారం సార్, బాగున్నారని తలుస్తాను. శుక్రవారం నాకు సెలవు కావాలి, మా చెల్లెలి నిశ్చితార్థం ఉంది" అని ఒకే సందేశంగా పంపండి. అడగడానికి బదులు తలచడం వల్ల ఆయన మీద బదులు బరువు పడదు.

ఇక అమ్మాయి సంగతి. పైన "అండి పెడితే గౌరవం వచ్చేసినట్టే" అని ఒకరు రాశారు. "అండి"కి పుట్టినిల్లు లాంటి ఊరి దాన్ని నేను. మాది రాజమండ్రి దగ్గర పల్లె, మా వైపు "బాగున్నామండీ ఆయ్" అంటేనే గానీ మాట పూర్తయినట్టు ఉండదు. అయినా చెబుతున్నాను, తాతయ్యతో "అండి" తప్పనిసరి కాదు. "బాగున్నాను తాతయ్యా" అన్నప్పుడు ఆ "తాతయ్యా" అన్న పిలుపే "అండి" చేసే పని చేస్తుంది. వరసపెట్టి పిలిచేవారితో పిలుపు చాలు. వరస తెలియని పెద్దవారితో, నాన్నగారి స్నేహితులతో, గుడిలో పలకరించిన ఆమెతో "బాగున్నానండి" అనాలి. రెండూ లేకుండా పెద్దవారికి "బాగున్నాను" అని ఊరుకుంటే మాట మొండిగా వినిపిస్తుంది. "ఆఁ, బాగున్నా" అన్నది స్నేహితుల మధ్య చక్కగా నప్పుతుంది. అదే మాట అత్తగారితో అంటే ఆమె మనసులో పెట్టుకుంటుంది.

డల్లాస్ నాన్న

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. బంతి ఆట నిన్న సాయంత్రం ఆడాము, పని చేస్తోంది. రెండు సందేహాలు మిగిలాయి. మొదటిది, మా ఇంట్లో నేను మా నాన్నగారిని "మీరు" అంటాను, అమ్మను "నువ్వు" అంటాను. అమ్మాయి తాతయ్యను తిరిగి అడిగేటప్పుడు "నువ్వు" అనాలా, "మీరు" అనాలా? రెండవది, మా నాన్నగారిని ఒక్కరినే "బాగున్నారా" అని అడిగినా ఆయన "బాగున్నాం" అంటారు. అమ్మాయి "తాతయ్య ఒక్కరే కదా, మరి 'ఉన్నాం' అంటారేమిటి?" అని అడిగింది. నాకు జవాబు తోచలేదు.

ఉక్కునగరం

రెండవది నాకు తెలుసు. పెద్దవారు తమను తాము గౌరవించుకుని బహువచనం వాడతారు. రాజులు "మేము" అనేవారు కదా, అదే పద్ధతి.

పలుకుబడి

ఉక్కునగరం గారు చెప్పిన "మేము" ఒకటి ఉన్న మాట నిజమే, కానీ తెనాలి తాతగారి "బాగున్నాం" అది కాదు. ఆయన తన ఒక్కరి గురించి చెప్పడం లేదు, భార్యనూ ఇంటినీ కలుపుకుని చెబుతున్నారు. మనలో కుశలం అడగడం అంటే ఇంటి కుశలం అడగడమే. పాత ఉత్తరాలు తీసి చూడండి. పోస్టుకార్డులో ఉన్నదే నాలుగు వేళ్ళంత చోటు, అయినా మొదటి వాక్యం "ఇక్కడ మేమందరం క్షేమం, అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను" అని ఉండేది. అంత కూడా రాయలేనివారు "ఉభయకుశలోపరి" అని ఒక్క మాట రాసి, రెండు ఇళ్ళ క్షేమమూ అందులోనే సర్దేసి, అసలు విషయంలోకి వెళ్ళేవారు. రాసేది ఒక్క మనిషే అయినా "మేమందరం" అనేవారు. అదే "మేము" తాతగారి "బాగున్నాం"లో మిగిలి ఉంది. మీ అమ్మాయి కూడా ఇంటి తరఫున "బాగున్నాం తాతయ్యా" అనవచ్చు, ఆయన వెంటనే "అమ్మ ఏం చేస్తోంది?" అని అడుగుతారు.

అయితే ఒక మనిషి ఒంటరిగా ఉంటూ ఆ సంగతి చెప్పదలచుకోనప్పుడు కూడా "బాగున్నాం" అంటుంటారు. మా వీధిలో భార్య పోయిన ఒక పెద్దాయన రెండేళ్ళ తరువాత కూడా "బాగున్నాం మాస్టారూ" అనేవారు. నేను సరిదిద్దలేదు, ఎవరూ సరిదిద్దలేదు.

మొదటి సందేహానికి వస్తే, ఇది ఇంటింటికీ మారే సంగతి కనుక నేను నియమం చెప్పను. చాలా ఇళ్ళలో మనవలు తాతను "నువ్వు" అనే అంటారు, అందులో చనువు తప్ప అగౌరవం లేదు. మీ అన్నదమ్ముల పిల్లలు తెనాలిలో తాతయ్యను ఏమంటున్నారో అదే ఈ అమ్మాయీ అనాలి. అక్కడి పిల్లలు "నువ్వు" అంటూ, అమెరికా పిల్ల ఒక్కతే "మీరు" అంటే, ఆ గౌరవమే ఆమెను చుట్టాన్ని చేస్తుంది.

తిరిగి అడిగే వాక్యంలో మాత్రం ఒక మెలకువ చెప్పాలి. బదులు చెప్పేటప్పుడు "నేను" అక్కరలేదు, "బాగున్నాను"లో "ను" ఆ పని చేస్తోంది. "నేను బాగున్నాను" అని ఒత్తి అంటే, మరి ఎవరో బాగా లేరేమో అన్న అనుమానం వినేవారికి కలుగుతుంది. కానీ తిరిగి అడిగేటప్పుడు "మీరు" గానీ "నువ్వు" గానీ తప్పనిసరిగా ఉండాలి. "బాగున్నాను తాతయ్యా, మీరెలా ఉన్నారు?" అన్నప్పుడు ఆ "మీరు" మీదే మాట బరువు ఉంటుంది, నా సంగతి అయింది, ఇక మీ సంగతి చెప్పండి అని. అది తీసేసి "బాగున్నాను తాతయ్యా, ఎలా ఉన్నారు?" అంటే మాట అతుక్కోదు, ఎవరి గురించి అడుగుతోందో అని ఆయన ఒక్క క్షణం ఆగుతారు.

గోదారి కోడలు

ఇక్కడే ఇంకొక మాట చెప్పాలి, లేకపోతే అమ్మాయి మరొకసారి నవ్వులపాలవుతుంది. "బాగున్నావు" అన్న మాటకు ఇంకొక బతుకు ఉంది. పెళ్ళికి ముస్తాబై వస్తే "ఎలా ఉన్నాను?" అని అడుగుతాము, "బాగున్నావు" అంటారు. అంటే అందంగా ఉన్నావని. మొన్న తాతయ్యతో "బాగున్నావు తాతయ్యా" అన్నప్పుడు ఆయన అంతగా నవ్వింది అందుకే అయి ఉంటుంది. మనవరాలు అందంగా ఉన్నావని మెచ్చుకుంటే ఏ తాతకు నవ్వు రాదు? ఈ సంగతి అమ్మాయికి చెప్పండి, చిన్నబుచ్చుకున్నది మరిచిపోతుంది.

మరొకటి "బాగానే". "బాగున్నాను"కూ "బాగానే ఉన్నాను"కూ మధ్య ఉన్న ఆ "నే" చాలా పని చేస్తుంది. చురుకుగా అంటే, బెంగ పెట్టుకోకండి అని అర్థం. సాగదీసి "బాగానే... ఉన్నాం" అంటే, ఏదో ఉంది గానీ ఇప్పుడు చెప్పలేను అని అర్థం. మా అమ్మ ఫోనులో అలా సాగదీసిన ప్రతిసారీ నేను మరునాడు బస్సెక్కాను. ఒక్కసారి కూడా నా అనుమానం తప్పు కాలేదు. "ఏదో అలా నడుస్తోంది" అన్నా అంతే. వయసుకు చిన్నవారు పెద్దలతో అలా అనకపోవడం మంచిది, వారు దాన్ని పట్టుకుని రాత్రంతా ఆలోచిస్తారు.

కర్నూలు సిస్టరు

అడగకూడని చోటు కూడా చెప్పండి. మనిషి పోయిన ఇంటికి వెళ్ళి అలవాటుగా "బాగున్నారా" అన్నవారిని చూశాను. అన్న వెంటనే వారికే తెలిసిపోతుంది గానీ, మాట వెనక్కి రాదు.

గోదారి కోడలు

నిజం. అక్కడ పలకరింపు మాట ఉండదు. వెళ్ళి పక్కన కూర్చుని చేయి పట్టుకోవడమే పలకరింపు. లేచేటప్పుడు "వెళ్ళొస్తాం" అని కూడా అనము. మా వైపు పరామర్శకు వెళ్ళడాన్నే "పలకరించి రావడం" అంటారు, కానీ పలికేది చాలా తక్కువ.

పలుకుబడి

ఉక్కునగరం గారు మొదట అన్న ఒక మాటకు ఇంకా బదులు చెప్పలేదు. "ఎలా ఉన్నారు" ఇంగ్లీషు నుంచి వచ్చిందన్న వాదన నాకు సమ్మతం కాదు. ఇంగ్లీషు ముక్క కూడా రాని మా నాయనమ్మ, పొరుగూరి నుంచి వచ్చిన చుట్టాన్ని "ఎట్లా ఉన్నారు అందరూ?" అని అడిగేది. ఇందాక ఓరుగల్లు వాసి గారు "ఎట్లున్నరు" అని రాశారు, సిస్టరు గారు "ఎట్లుండారు" అని రాశారు. ఇన్ని ప్రాంతాల పల్లెల్లో ఇన్ని రూపాల్లో ఉన్న మాటను అరువు మాట అనలేము.

ఉక్కునగరం

మాట పాతదే అని ఒప్పుకుంటాను, నేను తొందరపడి రాశాను. కానీ వాడే తీరు మారిందని ఇప్పటికీ అంటాను. మీ నాయనమ్మగారు అడిగింది నిజంగా తెలుసుకోవడానికి, జవాబు కోసం ఆగి విన్నారు. ఇప్పుడు ఫోను ఎత్తగానే "హలో, ఎలా ఉన్నారు" అని, జవాబు వినకుండానే పనిలోకి దిగుతున్నారు. ఆ తీరు ఇంగ్లీషుదే.

పలుకుబడి

అది మీరు చెప్పినట్టే కావచ్చు. కానీ "బాగున్నారా" అని కూడా జవాబు వినకుండా అడిగేవారిని నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను, బజారులో ఎదురుపడి నడక ఆపకుండానే అడిగేవారు. కనుక ఇంగ్లీషును పూర్తిగా దోషిని చేయలేకపోతున్నాను.

ఓరుగల్లు వాసి

మా ఊళ్ళో నడక ఆపకుండా అడిగేది "మంచిగున్నరా" కాదు, "ఏం సంగతి?" అని. దానికి బదులు కూడా నడుస్తూనే "ఏమున్నది, అంత మంచిదే". ఆగి అడిగేది మాత్రం "ఎట్లున్నరు". ఒక్కొక్క ఊరు ఒక్కొక్క మాటను ఆగి అడగడానికి దాచుకున్నట్టుంది.

డల్లాస్ నాన్న

ఈ ఉదయం కాల్ అయింది. మా అన్నయ్య పిల్లలు తాతయ్యను "నువ్వు" అనే అంటారని ముందుగా కనుక్కున్నాను. నాన్నగారు "బాగున్నావా తల్లీ?" అన్నారు. అమ్మాయి ఒక్క క్షణం ఆగి, "బాగున్నాం తాతయ్యా, నువ్వెలా ఉన్నావు?" అంది. ఆయన నవ్వలేదు. "బాగానే ఉన్నాను తల్లీ" అని, కాసేపటికి, "మోకాలే కొంచెం ఇబ్బంది పెడుతోంది, మీ నాన్నకు చెప్పకు" అన్నారు. నేను పక్కనే ఉన్న సంగతి ఆయనకు కనబడలేదు. ఇన్నేళ్ళుగా ప్రతి ఆదివారం నేను "బాగున్నారా నాన్నా" అనే అడుగుతున్నాను, ఆయన "బాగున్నాం" అనే చెబుతున్నారు. మోకాలి సంగతి నాకు ఇవాళే తెలిసింది.

కర్నూలు సిస్టరు

అయ్యా, ఈసారి మీరు "మోకాలు ఎలా ఉంది" అని నేరుగా అడగవద్దు, పిల్ల చెప్పేసిందని ఆయన నొచ్చుకుంటారు. "మేడ మెట్లు ఎక్కుతున్నారా? పొద్దున నడకకు వెళ్తున్నారా?" అని అడగండి. రాత్రి పడుకున్నప్పుడు కూడా నొప్పి ఉంటే, కాలు వాచి ఉంటే, అక్కడ ఉన్న మీ అన్నయ్యగారిని డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళమని చెప్పండి.